ట్యూషన్ ఫీజు: పాల లెక్కా, అద్దె లెక్కా?

మా వదిన హైదరాబాద్‌లో ఇంటి దగ్గరే కర్ణాటక సంగీతం నేర్పుతుంది. ఆమె లెక్కల పుస్తకం చూసేది నేను. 2026 ఏప్రిల్ మొదట్లో ఎనిమిదో తరగతి అమ్మాయి తల్లి ఫీజు పంపి, వెంటనే ఒక మెసేజ్ పెట్టారు: "మేడమ్, మార్చిలో మావి మూడు క్లాసులు మిగిలాయి కదా, అవి ఈ నెలలో చెబుతారా?" నేను పుస్తకం తీసి చూస్తే ఆరు మిగిలినట్టుంది. తనకు రావలసినది తక్కువ చేసి చెప్పేవాళ్లు లోకంలో అరుదు కాబట్టి, అనుమానం ఆవిడ మీద కాక నా పుస్తకం మీదికి పోయింది. తప్పు నాదే. అది ఎక్కడ జరిగిందో వెతుకుతూ పోతే తెలిసిందేమిటంటే, హాజరుకు ముడిపడిన ఫీజుల గొడవల్లో చాలా భాగం కూడికల తప్పు కాదు. ఫీజు దేనికి కడుతున్నామన్నది ఇరుపక్షాలూ ముందుగా ఒక మాట అనుకోకపోవడమే అసలు తప్పు.

## డబ్బు కట్టింది క్లాసుకా, సమయానికా?

పాల లెక్క అందరికీ తెలిసిందే. ఊరికి వెళ్తే పాలు వద్దని చెబుతాం, వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీల మీద గీత పెడతాం, నెలాఖరున ఆ రోజులు తీసేసి డబ్బిస్తాం. పొయ్యని పాలకు డబ్బు లేదు. ఇంటి అద్దె అలా కాదు. సంక్రాంతికి పది రోజులు ఊళ్లో ఉన్నా అద్దె పూర్తిగా కట్టాల్సిందే, ఎందుకంటే మనం లేకపోయినా ఆ ఇంటిని ఇంకొకరికి ఇవ్వలేదు.

ట్యూషన్‌కు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు మనసులో పాల లెక్క వేసుకుంటారు. పాఠం జరగలేదు, డబ్బెందుకు అన్నది వాళ్ల వాదన. అది అన్యాయమేమీ కాదు. చెప్పేవాళ్లు అద్దె లెక్క వేసుకుంటారు. మంగళవారం సాయంత్రం ఆరింటి సమయం మీ అమ్మాయికి కేటాయించాను, ఆ సమయం అడిగిన మరో ఇద్దరిని వెనక్కి పంపాను, మీరు రాకపోతే ఆ గంట నాకు తిరిగి రాదు అన్నది వాళ్ల వాదన. అదీ నిజమే.

ఎవరి వాదనకు ఎంత బలం ఉందన్నది క్లాసు ఎలాంటిదన్నదాని మీద ఉంటుంది. పదిహేను మంది కూర్చునే లెక్కల ట్యూషన్‌లో ఒకరు రాకపోయినా పాఠం ఆగదు, మాస్టారి గంట వృథా కాదు. అదే పాఠం మరో బ్యాచ్‌లో గురువారం చెబుతుంటే, మానిన పిల్లవాడు అక్కడ కూర్చుంటే సరిపోతుంది. మాస్టారికి అదనపు పని పడదు. ఒక్కరికే చెప్పే సంగీతం, వీణ, వయొలిన్ క్లాసుల్లో మాత్రం మానిన గంటకు బదులు చెప్పాలంటే కొత్తగా ఇంకో గంట పుట్టించాలి. మానిన క్లాసుకు మరో రోజు చెప్పేదాన్ని కొందరు మేకప్ క్లాసు అంటారు, కొందరు కాంపెన్సేషన్ అంటారు. ఇక్కడ బదులు క్లాసు అందాం. ఇంకా చెప్పకుండా బాకీ ఉన్నదాన్ని జమ అందాం.

పాల లెక్కలోనే ఒక మెలిక కూడా ఉంది. ముందురోజు రాత్రే వద్దని చెబితే లెక్కలోంచి పోతుంది. చెప్పకుండా తలుపుకు తాళం వేసి వెళ్తే గుమ్మం ముందు పెట్టిన ప్యాకెట్టుకు డబ్బు కట్టాల్సిందే. ట్యూషన్లలో "ముందురోజు చెబితేనే బదులు క్లాసు" అన్న నియమం సరిగ్గా ఇదే. ముందే తెలిస్తే ఆ గంటను టీచరు ఇంకొకరి బదులు క్లాసుకు వాడుకోగలరు. ఐదున్నరకు ఫోను చేసి ఆరింటికి రావడం లేదంటే ఆ గంట ఎవరికీ పనికిరాదు.

## వచ్చారు, రాలేదు అన్న రెండు గుర్తులు చాలవు

బడి హాజరు పట్టీలో రెండే గుర్తులుంటాయి. ఫీజుతో ముడిపడిన హాజరులో రాకపోవడం ఒక్కటే చాలదు, ఎవరి వల్ల, ఎప్పుడు చెప్పి అన్నది కూడా రాయాలి. మా పుస్తకంలో ఇప్పుడు ఐదు మాటలున్నాయి: వచ్చింది, చెప్పి మానింది, చెప్పకుండా మానింది, టీచరు మానింది, పండుగ. బదులు క్లాసు జరిగితే దాన్ని "వచ్చింది" అనే రాస్తాం. పక్కన ఏ తేదీకి బదులో కూడా రాస్తాం.

రెండు నెలల తర్వాత మార్చి 12న ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు. అందుకే మాట ఆ రోజే పడాలి. నెలాఖరున వాట్సాప్ సంభాషణలు వెనక్కి తిప్పుకుంటూ హాజరు నింపడం నేనూ చేశాను. "రేపు కష్టం మేడమ్" అన్న మెసేజ్ రాత్రి 11.50కి వస్తే ఆ "రేపు" ఏ రోజో తేల్చడానికే పావుగంట పట్టింది.

## మార్చి నెల, ఒక్కో తేదీ

ఆ అమ్మాయి క్లాసులు మంగళ, గురువారాలు. నెలకు ఎనిమిది క్లాసులకు 2,400 రూపాయలు, అంటే క్లాసుకు 300. ముందురోజు చెప్పి మానితే జమ అవుతుంది. చెప్పకుండా మానితే క్లాసు అయిపోయినట్టే. టీచరు మానితే ఆ క్లాసు ఎప్పటికీ బాకీయే. 2026 మార్చిలో ఐదు మంగళవారాలు, నాలుగు గురువారాలు ఉన్నాయి. మొత్తం తొమ్మిది. 19న ఉగాది కాబట్టి ఎనిమిది మిగిలాయి.

ఫీజు రాగానే ఎనిమిది క్లాసులు కొన్నట్టు రాసి, జరిగిన కొద్దీ తీసేస్తూ పోతే బ్యాంకు పాస్‌బుక్కులా ఇలా ఉంటుంది:

| తేదీ | జరిగింది | మార్పు | నిల్వ |
|---|---|---|---|
| మార్చి 1 | ఫీజు 2,400 | +8 | 8 |
| 3 | వచ్చింది | −1 | 7 |
| 5 | వచ్చింది | −1 | 6 |
| 10 | చెప్పి మానింది (పరీక్ష) | 0 | 6 |
| 12 | చెప్పి మానింది (పరీక్ష) | 0 | 6 |
| 17 | వచ్చింది | −1 | 5 |
| 19 | పండుగ | 0 | 5 |
| 24 | టీచరు మానింది (జ్వరం) | 0 | 5 |
| 26 | చెప్పకుండా మానింది | −1 | 4 |
| 31 | వచ్చింది | −1 | 3 |

మిగిలినవి మూడు. ఆ తల్లి చెప్పిన లెక్కే సరైనది.

మరి ఆరు ఎలా వచ్చింది? వదిన తన నోట్‌బుక్కు చివరి పేజీలో పాత అలవాటు ప్రకారం "బాకీ క్లాసులు: 10, 12, 24" అని రాసుకుంది. నేను ముందు పేజీల్లోంచి నిల్వ మూడు, చివరి పేజీలోంచి బాకీ మూడు తీసుకుని రెండూ కలిపేశాను. ఆ రెండూ ఒకే మూడు క్లాసులు. మార్చి 10న క్లాసు జరగలేదు కాబట్టి నిల్వలోంచి ఒకటి తీయలేదు. తీయకపోవడమే ఆ అమ్మాయికి రావలసిన జమ. దాని మీద మళ్లీ ప్లస్ ఒకటి రాస్తే ఒకే క్లాసును రెండుసార్లు ఇచ్చినట్టు.

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. క్లాసులు కొని ఖర్చు పెట్టుకునే పద్ధతిలో జరగని క్లాసుకు సున్నా రాస్తారు. నెల ఫీజు ఆ నెలతో సరిపోయిందని చూసే పద్ధతిలో నిల్వ అంటూ ఉండదు, అందువల్ల జరగని క్లాసుకు ప్లస్ ఒకటి రాయాలి. ఏ పద్ధతైనా మార్చికి జవాబు మూడే వస్తుంది. రెండూ కలిస్తేనే ఆరు అవుతుంది. ఎవరి పుస్తకంలోనైనా జమలు అనుకున్న దానికి సరిగ్గా రెట్టింపు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఇదే.

కంప్యూటర్‌లో రాసేవాళ్లకు ఒక్క జాగ్రత్త. నిల్వ గడిలో చేత్తో అంకె మార్చకూడదు. ప్రతి సంఘటనకూ ఒక వరుస రాసి, నిల్వను కూడికతో రప్పించాలి. B నిలువు వరుసలో విద్యార్థి గుర్తు, D లో మార్పు ఉంటే ఇది చాలు:

```
=SUMIF(B:B,"S07",D:D)
```

అంకె తప్పనిపిస్తే ఏ తేదీ దగ్గర తప్పిందో చూపించే వరుసలు అప్పుడు చేతిలో ఉంటాయి. దిద్దిన గడి మాత్రం ఏమీ చెప్పదు.

## తొమ్మిదో క్లాసు ఎవరిది?

మార్చిలో ఒకే జవాబిచ్చిన రెండు పద్ధతులు ఏప్రిల్‌లో విడిపోతాయి. 2026 ఏప్రిల్‌లో నాలుగు మంగళవారాలు, ఐదు గురువారాలు. తొమ్మిదీ జరిగాయి, అమ్మాయి అన్నిటికీ వచ్చింది.

కొని ఖర్చు పెట్టే లెక్కలో పాత నిల్వ మూడు, కొత్త ఫీజుతో ఎనిమిది, మొత్తం పదకొండు. తొమ్మిది పోతే రెండు మిగులుతాయి. ప్రత్యేకంగా బదులు క్లాసు ఏదీ పెట్టకుండానే ఒక జమ కరిగిపోయింది. నెల ఫీజు లెక్కలో తొమ్మిదో క్లాసు కూడా ఆ నెల ఫీజులోనే ఉన్నట్టు, కాబట్టి జమలు మూడూ అలాగే ఉంటాయి. తల్లిదండ్రులకు మొదటిది మోసంలా కనిపించే అవకాశం ఉంది: "అది మామూలు గురువారం క్లాసే కదా, బదులు క్లాసు ఎలా అవుతుంది?" ఫీజు ఎనిమిది క్లాసులకా, నెలకా అన్నది చేరేటప్పుడే చెప్పి ఉండకపోతే ఈ ప్రశ్నకు సరైన జవాబంటూ లేదు.

ఏడాది మొత్తం చూస్తే టీచర్ల వాదన కొంత అర్థమవుతుంది. 2026లో మంగళవారాలు 52, గురువారాలు 53, కలిపి 105. నెలకు ఎనిమిది చొప్పున ఫీజు కట్టేది 96 క్లాసులకు. తేడా తొమ్మిది. ఈ ఏడాది సంక్రాంతి, ఉగాది గురువారాల్లో, దసరా మంగళవారం వచ్చాయి. అవి పోగా మిగిలిన ఆరు టీచరు జ్వరాలకు, పెళ్లిళ్లకు సరిపోతాయి. అందుకే చాలామంది నెలకింతని తీసుకుని, పండుగకు తగ్గించరు, ఐదో వారానికి పెంచరు. ఏడాది పొడవునా ఉండే విద్యార్థికి ఇది సబబుగానే తేలుతుంది. నష్టపోయేది మధ్యలో చేరి మధ్యలో మానేవాళ్లు. తొమ్మిదేసి, పదేసి క్లాసులున్న నెలలు వాళ్లకు దక్కకపోవచ్చు.

## జమను రూపాయల్లో రాస్తే వచ్చే చిక్కు

మూడు క్లాసులు మిగిలితే 900 రూపాయలు జమ అని రాసుకోవడం తేలికగానే ఉంటుంది. జూన్‌లో క్లాసు ధర 300 నుంచి 350కి పెరిగిందనుకోండి. ఆ 900తో రెండున్నర క్లాసుల కంటే కాస్త ఎక్కువే వస్తాయి గానీ, మూడు రావు. మార్చిలో పూర్తి ధర కట్టిన తల్లికి ఇది ఒప్పదు. ఆవిడ కొన్నది మూడు క్లాసులు, తొమ్మిది వందల రూపాయలు కాదు.

నెల ఫీజును ఆ నెల క్లాసులతో భాగించి జమ కడితే మరీ చిత్రంగా ఉంటుంది. ఇవే మంగళ, గురువారాల్లో 2026 ఫిబ్రవరిలో ఎనిమిది క్లాసులు, డిసెంబరులో పది. ఒకే 2,400కు ఫిబ్రవరిలో మానిన క్లాసు 300 అవుతుంది, డిసెంబరులో మానినది 240. పాఠం మాత్రం అదే సరళీ వరస. అందుకే క్లాసుల ఖాతా, డబ్బు ఖాతా వేరుగా ఉండాలి. క్లాసు మానితే క్లాసు జమ అవుతుంది. రూపాయల మాట మధ్యలో మానేసేటప్పుడే రావాలి, అదీ కట్టిన రోజు ధరకు.

మధ్యలో మానేసే విషయంలో పెద్ద కోచింగ్ సెంటర్లకు ఒక ప్రమాణం ఉంది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో వెళ్లిపోతే మిగిలిన కాలానికి తగిన సొమ్మును పది రోజుల్లో తిరిగివ్వాలి. అవి 50 మంది కంటే ఎక్కువ విద్యార్థులున్న కోచింగ్ గురించి. క్రీడలు, నృత్యం, నాటకం లాంటి సృజనాత్మక శిక్షణను అందులోంచి మినహాయించారు. పైగా వాటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలు. ఇంటి దగ్గర చెప్పే సంగీతం టీచరుకు ఇరుపక్షాలూ ముందుగా రాసుకున్న మాటే ఆధారం.

## జమలకు గడువు ఎందుకు పెడతారు?

తల్లిదండ్రులకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. డబ్బు కట్టాం, పాఠం జరగలేదు, ఇప్పుడు గడువు దాటిందంటారా అని. పైకి చూస్తే దబాయింపులాగే ఉంటుంది.

టీచరు వైపు నుంచి ఒకసారి లెక్క వేద్దాం. వదిన దగ్గర విడివిడిగా నేర్చుకునేవాళ్లు పద్నాలుగు మంది, వారానికి 28 క్లాసులు. పరీక్షల కాలం ముగిసేసరికి ఒక్కొక్కరికి మూడేసి జమలుంటే 42 క్లాసులు. వీటి డబ్బు, 12,600 రూపాయలు, ఎప్పుడో వచ్చింది, ఖర్చయిపోయింది కూడా. ఇప్పుడు చేయాల్సిన పని మాత్రం మిగిలింది. వారంలో ఖాళీగా దొరికే గంటలు మూడు. ఆ లెక్కన అందరికీ తీర్చడానికి పద్నాలుగు వారాలు పడుతుంది, ఆలోగా కొత్త జమలు వచ్చి చేరతాయి. ఈ కుప్ప పెరుగుతోందా తరుగుతోందా అన్నది తెలియాలంటే నెలకోసారి అందరి నిల్వలూ కూడి ఒక అంకె రాసుకోవాలి. మూడు నెలలు వరసగా పెరిగితే, నియమాలు టీచరు ఖాళీ గంటలకు మించి ఉదారంగా ఉన్నాయన్నమాట.

అయినా అన్ని జమలనూ ఒకే గాటన కట్టడం నాకు సరిగా అనిపించదు. విద్యార్థి చెప్పి మానిన దానికి గడువు ఉండవచ్చు. టీచరు తానే మానిన దానికి గడువు పెట్టడమంటే తన బాకీని తానే కొట్టేసుకోవడం. మేం పెట్టుకున్నది ఇలా: విద్యార్థి వల్ల పోయిన క్లాసు 60 రోజుల్లో వాడుకోవాలి, టీచరు వల్ల పోయినదానికి గడువు లేదు. వాడేటప్పుడు గడువు ముందు తీరేది ముందు ఖర్చవుతుంది. జమ ఎవరి వల్ల వచ్చిందో రాసి ఉంచమనేది ఇందుకే. వట్టి "3" అన్న అంకెకు గడువు కట్టలేం.

## సముద్రం అవతల మంగళవారం

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. హైదరాబాద్‌లో మంగళవారం ఉదయం ఆరున్నర అంటే చలికాలంలో న్యూజెర్సీలో సోమవారం రాత్రి ఎనిమిది. వాళ్లు సోమవారం మానామంటారు, మన పుస్తకంలో మంగళవారం ఉంటుంది. ఒకే క్లాసు రెండు తేదీలతో రెండుసార్లు జమ కావడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ఏ ఊరి తేదీ రాయాలో ఒకటి నిర్ణయించుకోవాలి.

మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, 2026లో అది మార్చి 8. మన గడియారం జరగదు. ఆ తర్వాత మన ఆరున్నర వాళ్లకు తొమ్మిది. ఎప్పటిలాగే ఎనిమిదికి లాగిన్ అయిన పిల్లకు ఎవరూ కనబడరు. తొమ్మిదికి టీచరు వచ్చేసరికి ఆ పిల్ల నిద్రపోయి ఉంటుంది. ఆమె లెక్కలో టీచరు మానింది, టీచరు లెక్కలో ఆమె చెప్పకుండా మానింది. ఇద్దరి హాజరూ నిజాయితీగా రాసినదే.

## నెలాఖరు మెసేజ్

పుస్తకం ఎంత బాగా రాసినా అది ఒక పక్షం పుస్తకమే. అందుకే ఇప్పుడు ప్రతి నెల చివరి రోజు ప్రతి ఇంటికీ నిల్వ పంపుతున్నాం. నెల తిరక్కముందే తేడా తెలిస్తే అది ఒక తేదీ గురించిన మాటగా ముగుస్తుంది, ఏడాది తర్వాత తెలిస్తే నమ్మకం గురించిన మాట అవుతుంది. ఆ అమ్మాయి ఇంటికి వెళ్లినది ఇది:

"ఏప్రిల్ 30 నాటికి నిల్వ 2 క్లాసులు. మార్చి 10 నాటిది ఏప్రిల్ తొమ్మిదో క్లాసుతో తీరింది. మార్చి 12న మీరు చెప్పి మానినది మే 11 లోపు వాడుకోవాలి. మార్చి 24న నేను చెప్పలేకపోయినదానికి గడువు లేదు. తేడా ఉంటే చెప్పండి."

తొమ్మిదో క్లాసు మాట దగ్గర ఆవిడ ఫోను చేశారు. మామూలు గురువారాన్ని జమలోంచి ఎందుకు తీశారని అడిగారు. ఫీజు ఎనిమిది క్లాసులకని చేరేటప్పుడు చెప్పామా లేదా అన్నది వదినకు కచ్చితంగా గుర్తులేదు. రాసిపెట్టిన కాగితం లేదు. మార్చి 10 జమను వెనక్కి వేసి, నిల్వ మూడు చేశాం. ఎనిమిది క్లాసుల నియమం మే నుంచి మొదలవుతుందని అందరికీ రాసి పంపాం. ఆ రెండు పరీక్షల క్లాసులూ మే 9, శనివారం ఉదయం వెంటవెంటనే జరిగాయి. మార్చి 24 నాటిది ఇంకా పుస్తకంలోనే ఉంది.